రంజాన్ అమ్మకం నా హిసాబ్‌లోకి రాదు

అత్తరు దుకాణం చాచా కోసం చేసిన వెబ్‌సైట్ గురించి నా పోర్ట్‌ఫోలియోలో ఒక కేస్ స్టడీ రాద్దామని కూర్చున్నాను. కొత్త కస్టమర్లు మొదట చూసేది అదే. ముష్కిల్ ఏమిటి, నేను పట్టిన తరీఖా ఏమిటి, నతీజా ఏమిటి, ఈ మూడూ అందులో ఉండాలి. గంటలో రాసేసి అబ్బాకి చదివి వినిపించాను. చివరి వాక్యం నాకే ముద్దొచ్చింది: "నా వెబ్‌సైట్ వల్ల నెలకు 40 ఉన్న ఆర్డర్లు 120 అయ్యాయి."

అబ్బా కళ్లజోడు తీసి అడిగారు. "ఆ 120 ఏ నెలవి బేటీ?"

"రంజాన్‌వి."

"రంజాన్‌లో అత్తరు కొనని ఇల్లుందా? పోయిన రంజాన్ హిసాబ్ అడిగావా?"

అడగలేదు. చాచాకి ఫోన్ చేస్తే నోట్‌బుక్ తిరగేసి చెప్పారు, పోయిన రంజాన్‌లో 95 ఆర్డర్లు. అంటే నేను నా ఖాతాలో వేసుకున్న పెరుగుదలలో ఎక్కువ భాగం చాంద్‌ది. 95 నుంచి 120కి పెరిగిన దాంట్లో కూడా నా వాటా ఎంతో తేల్చలేను. చాచా ఈసారి కొత్త సరుకు కూడా తెచ్చారు మరి. ఆ వాక్యంలో అంకెలు రెండూ నిజమే. "నా వల్ల" అన్న మాటే ఝూట్.

ఆ వాక్యం కొట్టేసి మొదటినుంచీ మొదలుపెట్టాను.

ముష్కిల్ దగ్గర ముందు "సైట్ పాతబడింది" అని రాసుకున్నాను. అది నా మాట, చాచా మాట కాదు. ఆయన అన్నది వేరు: "జనం లింక్ నొక్కుతారు, తిరుగుతూనే ఉంటుంది, మూసేస్తారు." అదే పెట్టాను. కారణం కూడా రాశాను. ఫోన్‌తో తీసిన 24 ఫొటోలు, ఒక్కోటి 4 ఎంబీ, ఉన్నవి ఉన్నట్టే మొదటి పేజీలో వేశారు. మొబైల్‌లో పెద్ద ఫొటో కనిపించడానికి 9 సెకన్లు పట్టేది.

తరీఖాలో చేసిన పనులే కాదు, నా గల్తీ కూడా రాశాను. ఫొటోల వెడల్పు 800 పిక్సెల్స్‌కి తగ్గించి వెబ్‌పీ రకంలోకి మార్చితే ఒక్కోటి 80 కేబీకి దిగింది. తర్వాత అన్ని ఫొటోలకూ ఇది తగిలించాను:

```
loading="lazy"
```

దీంతో కింది ఫొటోలు అక్కడిదాకా జరిపినప్పుడే వస్తాయి. కానీ అన్నిటికన్నా పైనున్న పెద్ద ఫొటోకి కూడా పెట్టేశాను. బ్రౌజర్ దాన్నీ ఆలస్యంగా అడగసాగింది. పరీక్షలో అనుకున్నంత వేగం రాలేదు. ఆ ఒక్క ఫొటోకి తీసేశాక 2.4 సెకన్లకు వచ్చింది. గూగుల్ మంచిదనే హద్దు 2.5 సెకన్లు. ఈ గల్తీ ఎందుకు చెప్పాలి అంటారా? "ఫొటోలు చిన్నవి చేశాను" అని ఎవరైనా రాయగలరు. ఎక్కడ తప్పిందో, ఎలా పట్టుకున్నదో పని చేసినవాళ్లే రాయగలరు.

ఇక నతీజా. ఇక్కడ అల్లా దయ, ఒక మంచి పని ముందే చేసి ఉన్నాను. పాత సైట్‌ని ముట్టుకోకముందే అందులో లెక్క పెట్టే కోడ్ వేశాను, పేజీ ఎంతమంది తెరిచారు, వారిలో ఎంతమంది వాట్సాప్ బటన్ నొక్కారు అని. అది లేకపోతే "ముందు" అనే అంకె ఎక్కడా దొరికేది కాదు. రజబ్ చివరి రెండు వారాల్లో 420 మంది తెరిస్తే 21 మంది నొక్కారు, నూటికి 5. షాబాన్ మొదటి రెండు వారాల్లో, షబే బరాత్‌కి ముందే, 450 మందిలో 54 మంది, నూటికి 12. సరుకు అదే, ధర అదే, ప్రకటనలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. మారింది సైట్ ఒక్కటే. కింద ఇంకో వాక్యం కలిపాను: "ఇది రెండేసి వారాల లెక్క. బటన్ నొక్కినవారందరూ కొన్నారని కాదు. రంజాన్ ఆర్డర్లు ఇందులో కలపలేదు."

రాసింది చాచాకి చూపించి ఇజాజత్ అడిగాను. దుకాణం పేరు, శాతాలు సరే అన్నారు. ఆర్డర్ల సంఖ్య, రూపాయల లెక్క వద్దన్నారు. పక్క దుకాణం వాళ్లు కూడా చదువుతారు కదా అని. ఆయన నోట్‌బుక్ నా దగ్గర అమానత్, అందుకే పోర్ట్‌ఫోలియోలో 95, 120 రెండూ లేవు. ఇక్కడ మీకు చెప్పడానికి మాత్రం దుకాణం పేరు రాయకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

రాత్రి ఇషా తర్వాత అబ్బాకి మళ్లీ వినిపించాను. "120 కంటే 12 చిన్నగా ఉంది కదా అబ్బా" అన్నాను.

"ఎవరైనా ఎలా వచ్చిందని అడిగితే చెప్పగలవా?"

"చెప్పగలను."

"అయితే పెట్టెయ్" అన్నారు.