చేజారిన నాలుగు

మా మనవరాలు నిన్న 47ని 6తో గుణించి 242 అని రాసింది. సరైన జవాబు 282. నా నోటి దాకా వచ్చిన “అజాగ్రత్త” అన్న మాటను మింగేసి, ఈసారి పైకి చెబుతూ చెయ్యమన్నాను.

ఏడార్లు దానికి నోటికి రావు. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి అంటూ వేళ్లు మడిచి నలభై రెండుకు చేరింది. 2 వేసి, 4 మనసులో పెట్టుకుంది. మళ్లీ నాలుగార్లు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టింది. ఇరవై నాలుగు వచ్చేసరికి మనసులోని ఆ 4 జారిపోయింది. ఒక్క క్షణం ఆగి, నా ముఖం చూసి, “తాతయ్యా, ఎన్ని ఉంచుకున్నాను?” అంది.

గుణకారం దానికి అర్థమైంది, మనసులో చోటే చాలలేదు. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచగలిగేవి పెద్దవాళ్లకే సుమారు నాలుగంటాడు మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో రాసిన వ్యాసంలో. పిల్లలకు ఇంకా తక్కువ. ఎక్కం నోటికి వస్తే జవాబు దానంతటదే పలుకుతుంది, ఉంచుకున్న అంకెకు చోటు మిగులుతుంది. రాకపోతే వేళ్ల లెక్కే ఆ చోటంతా తినేస్తుంది.

మధ్యలో ఆగిపోవడం, అడిగిందే అడగడం, ఒక మెట్టు దాటేయడం, చివరికి ఏదో ఒకటి రాసేయడం. ఇన్నాళ్లూ వీటిని బద్ధకమనుకున్నందుకు బాధగా ఉంది.

ఉంచుకున్న 4ను పదుల అంకె నెత్తిన చిన్నగా రాయమన్నాను. తర్వాతి లెక్క, 38 ఇంటు 7, తప్పు లేకుండా 266 వచ్చింది.