గర్భిణికి ఆయాసం: బిడ్డ పెరగడం ఒక్కటే కారణమా?

తెనాలి స్టేషనులో రేపల్లె బండి అందుకోవడానికి వంతెన మెట్లు ఎక్కుతున్న గర్భిణి నడుమ ఆగి ఊపిరి తీసుకుంటే ఎవరూ ఆశ్చర్యపోరు. "లోపల బిడ్డ పెరుగుతున్నాడు, పైకి తోస్తున్నాడు, అంతే" అంటారు పెద్దవాళ్లు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఉద్యోగ జీవితమంతా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల గర్భిణులను చూసిన వైద్యుడిగా మిగిలిన సగం గురించి మీకు చెప్పదలచుకున్నాను.

చాలామందికి ఈ ఆయాసం గర్భాశయం ఇంకా పొత్తికడుపు దాటి పైకి రాకముందే, రెండు మూడు నెలలకే మొదలవుతుంది. అప్పుడు తోసే బిడ్డ ఎక్కడ? దీనికి మూలం ప్రొజెస్టిరాన్ అనే హార్మోను. అది మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని ప్రేరేపిస్తుంది. దానివల్ల గర్భిణి ఎక్కువసార్లు కాక, ప్రతిసారీ మరింత లోతుగా గాలి పీలుస్తుంది. బిడ్డ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తల్లి రక్తంలోకి సులువుగా చేరడానికి ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఆ అదనపు శ్రమే ఆమెకు "గాలి చాలడం లేదు" అన్న భావనగా తోస్తుంది.

గర్భాశయం పని తరువాతి నెలల్లో మొదలవుతుంది. ఛాతీకి, పొట్టకు నడుమ ఉండే డయాఫ్రం అనే కండర పొర చివరి నెలలకు సుమారు 4 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. అయితే పక్కటెముకలు కూడా వెడల్పవుతాయి గనుక ఊపిరితిత్తులు పెద్దగా నష్టపోవు. నెలలు నిండి బిడ్డ తల కిందికి దిగినప్పుడు కొందరికి ఊపిరి తేలికపడుతుంది.

ఈ సహజమైన ఆయాసానికి ఒక స్వభావం ఉంది. మెల్లగా వస్తుంది, వారాల తరబడి దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. కూర్చుంటే తగ్గుతుంది. మాట తెగదు. రాత్రి నిద్ర చెడగొట్టదు.

రేపల్లె దగ్గరి ఒక పల్లె నుంచి ఏడో నెలలో వచ్చిన 23 ఏళ్ల అమ్మాయి సంగతి చెబుతాను. రెండో కాన్పు. ఆయాసమని చెబితే ఇంట్లో అందరూ బిడ్డ బరువే అనుకున్నారు. రాత్రి దగ్గుకు సిరప్ కొని తాగించారు. "ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావమ్మా?" అని అడిగాను. "దిండ్లు చాలడం లేదండీ, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాను" అన్నది. పది రోజులుగా అదే వరస. నిమిషానికి 28 సార్లు ఊపిరి తీస్తున్నది, నాడి 116. హిమోగ్లోబిన్ 10.4. అది కొంచెం తక్కువే గానీ ఇంత ఆయాసానికి చాలదు. ఎడమ పక్కకు తిప్పి స్టెతస్కోపు పెడితే గుండె చప్పుళ్ల నడుమ దూరపు ఉరుము లాంటి ధ్వని వినిపించింది. చిన్నప్పుడు జ్వరంతో మోకాళ్లు వాచి, బడి మానేసి మంచం పట్టిందని వాళ్లమ్మ అప్పుడు గుర్తు చేసుకున్నది.

అది కీళ్లవాత జ్వరం. గొంతునొప్పి తరువాత వచ్చి గుండె కవాటాన్ని బిగుసుకుపోయేలా చేసి వెళ్లిపోతుంది. మామూలు రోజుల్లో ఆ సన్నని ద్వారం సరిపోయింది. గర్భం వచ్చాక రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఏడు, ఎనిమిది నెలలకు ఆ ఒత్తిడి శిఖరానికి చేరుతుంది. ద్వారం దాటలేని రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. పడుకుంటే కాళ్ల రక్తం కూడా వచ్చి చేరుతుంది. కూర్చుని నిద్రపోవడానికి కారణమిదే. ఆమెను గుంటూరు పంపించాము. ఎకో పరీక్షలో కవాటం సన్నబడినట్లు తేలింది. నీరు తగ్గించే మందుతో, గుండె వేగం తగ్గించే మాత్రలతో నిలకడపడింది. కాన్పు అక్కడే జరిగింది.

అందుచేత మీ ఇంట్లో గర్భిణి ఉంటే దిండ్ల సంగతి అడగండి. ఆమె కూర్చుని ఉండగా ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టండి; 20 దాటితే చూపించాలి. పాలిపోయిన కళ్లు, గోళ్లతో ఆయాసం ఉంటే రక్తహీనతేమో చూడాలి. హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితే అది తీవ్రమైనది. ఇక కొన్నింటికి మరునాటి దాకా ఆగకూడదు. ఆయాసం హఠాత్తుగా రావడం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం, పెదవులు నీలిబారడం, స్పృహ తప్పడం, ఆయాసంతో పాటు ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం అటువంటివి. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి. తీవ్రమైన తలనొప్పి, ముఖం వాపు తోడైతే రక్తపోటు అదే రోజు చూపించాలి.

కాన్పు తరువాత ఆయాసం మొదలైనా, పెరిగినా దానికి గర్భాశయాన్ని కారణంగా చెప్పడానికి వీల్లేదు. అది అప్పటికే ఖాళీ అయింది. గుండె కండరం బలహీనపడే ఒక జబ్బు చివరి నెలలోనూ, కాన్పయిన అయిదు నెలల లోపునా కనిపిస్తుంది. పుట్టింట్లో ఉన్న బాలింత పడుకోలేక లేచి కూర్చుంటున్నదంటే, నీరసమని పథ్యం మార్చి చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.