గంట తేడా

భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తన చుట్టూ తాను తిరుగుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం గుండా సాగుతుంది. ఎనభై రెండున్నరను 15తో భాగిస్తే ఐదున్నర వస్తుంది. అందువల్లనే ప్రపంచ దేశాలు ప్రమాణంగా అంగీకరించిన యు.టి.సి. కాలం కంటే భారతదేశపు గడియారం ఐదున్నర గంటలు ముందుంటుంది. ఏడాది పొడవునా ఈ తేడా మారదు.

న్యూయార్కు సంగతి వేరు. అక్కడ మార్చి రెండవ ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం తిరిగి వెనక్కు తెస్తారు. కాబట్టి ఆ నగరం హైదరాబాదు కంటే చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు వెనుకబడి ఉంటుంది.

న్యూయార్కు క్లయింట్లకు అక్కడి ఉదయం 9 గంటల నుంచి సాయంత్రం 5 గంటల వరకు సేవలందించే హైదరాబాదు బృందాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. చలికాలంలో ఆ షిఫ్టు రాత్రి 7.30కి మొదలై తెల్లవారుజామున 3.30కి ముగుస్తుంది. 2025 మార్చి 9, ఆదివారం నాడు న్యూయార్కు గడియారాలు ముందుకు జరిగాయి. మరునాడు అక్కడ 9 గంటలయ్యేసరికి హైదరాబాదులో 6.30 మాత్రమే. షిఫ్టుల పట్టికను భారత కాలంలో రాసుకొని, దానిని మార్చకుండా ఉంచితే, మొదటి గంటలో వచ్చే ఫోన్లకు బదులు పలికేవారుండరు. చివరి గంటలో ఉద్యోగులున్నా ఫోన్లు రావు. మొదట రద్దీ, చివర ఖాళీ కనిపించడమే ఈ పొరపాటుకు గుర్తు.

పట్టికను యు.టి.సి.లో రాసినా ఈ చిక్కు తీరదు. యు.టి.సి. 14 గంటలంటే హైదరాబాదులో ఎప్పుడూ రాత్రి 7.30, న్యూయార్కులో మాత్రం చలికాలంలో 9, వేసవిలో 10. పట్టికను న్యూయార్కు కాలంలో రాస్తే సేవకు అంతరాయం ఉండదు. అయితే హైదరాబాదు ఉద్యోగి మార్చిలో ఇంటి నుంచి గంట ముందుగా బయలుదేరవలసి వస్తుంది. ఏ కాలాన్ని ప్రమాణంగా ఎంచుకుంటే ఆ ఊరివారి దినచర్య నిలకడగా ఉంటుంది. మార్పు భారం మిగిలినవారిపై పడుతుంది. షిఫ్టు వేళలను ఒప్పుకొనే ముందు ఉభయులూ తేల్చుకోవలసిన విషయమిదే.

లండను కూడా చేరితే మరొక మెలిక పడుతుంది. అక్కడ 2025లో గడియారాలు మార్చి 30న గాని మారలేదు. ఆ మధ్య మూడు వారాలు లండను, న్యూయార్కుల మధ్య ఐదు గంటలకు బదులు నాలుగు గంటల తేడాయే ఉంది. న్యూయార్కులో ఉదయం 9కి జరిగే సమావేశం లండనులో మధ్యాహ్నం 2 నుంచి 1కి జరిగి, భోజనవేళకు అడ్డు వస్తుంది.

పట్టికలో EST అని రాయడమూ ప్రమాదమే. అది చలికాలపు కాలమానానికి పేరు. జూలైలో 9 AM EST అంటే న్యూయార్కు గడియారంలో 10 గంటలు. America/New_York అని నగరాన్ని పేర్కొంటే, ఏ తేదీకి ఎంత తేడాయో కంప్యూటరే లెక్కగడుతుంది. తేడాను అంకెగా రాస్తే అది ఒక ఋతువుకే సరిపోతుంది. ఊరి పేరు రాస్తే ఏడాదంతా సరిపోతుంది.