సీసా ముందు ఒక లెక్క, వెనక ఒక లెక్క

పోయిన సంక్రాంతికి మా మరిది డాలస్ నుంచి వస్తూ రెండు పెద్ద సీసాల చేప నూనె గోళీలు తెచ్చాడు. "వదినా, అన్నయ్యకి రోజూ వెయ్యి, గుండెకి మంచిది" అన్నాడు. అప్పటికి వారం క్రితమే మావారి రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు 640 వచ్చాయి. 150 లోపు ఉండాలట. ఇంకేముంది, సమయానికి దేవుడే పంపాడనుకున్నాం.

ట్రైగ్లిజరైడ్లకి రోజుకి 4 గ్రాములు వాడాలని మావారు ఫోన్లో ఎక్కడో చదివారు. సీసా మీద 1000 మిల్లీగ్రాములని ఉంది కాబట్టి నాలుగు గోళీలు వేసుకుంటే సరిపోతుందని మొదలుపెట్టేశారు. డాక్టరుకి చెబుదామంటే, "చేప నూనె కూడా మందేనా, కూరలో తిన్నట్టే కదా" అన్నారు. నేనూ ఊరుకున్నాను. ఆయనకి స్టెంట్ వేసి ఏడాది కాలేదు. రక్తం గడ్డ కట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు. ఆ సంగతి నాకు గుర్తు రావలసింది.

నెల తిరిగేసరికి ఆయన మోచేతి మీద నీలం మచ్చలు కనిపించాయి. దెబ్బేమీ తగల్లేదు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. నాకు భయం వేసి, ఆయన్నీ సీసానీ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆయన సీసా తిప్పి వెనకవైపు చదవమన్నారు. "రెండు గోళీలకి ఈపీఏ 360, డీహెచ్ఏ 240" అని ఉంది. అంటే ఒక్కో గోళీలో 180, 120. రెండూ కలిపితే 300 మిల్లీగ్రాములే! మిగతా 700 మామూలు నూనె. పని చేసేవి ఈ రెండే అట. ముందువైపు పెద్దక్షరాల్లో ఉన్న 1000 నూనె బరువు, మందు బరువు కాదు. మావారు నాలుగు గ్రాములనుకుంటూ వేసుకున్నది 1200 మిల్లీగ్రాములన్నమాట.

"డాక్టర్లు రాసే గోళీ వేరమ్మా. గ్రాము గోళీలో ఈ రెండూ కలిపి 840 దాకా ఉంటాయి. రోజుకి నాలుగు, భోజనంతో" అన్నారాయన. నేను అక్కడే వేళ్ళ మీద లెక్కేశాను. నాలుగు గోళీలకి 3360. అంత కావాలంటే మా సీసాలోవి పదకొండు మింగాలి! మావారు నోరెళ్ళబెట్టారు. అంత మోతాదు వాడినా మామూలుగా తగ్గేది 20 నుంచి 30 శాతమేనట.

"అయితే ఈ మచ్చలు నూనె వల్లేనా?" అని అడిగాను. చేప నూనె రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోవడాన్ని కొంచెం తగ్గిస్తుందట. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ చేసేదీ అదే పని. అయినా ఈ కొద్ది మోతాదుకి నూనె ఒక్కదాన్నే తప్పుపట్టలేమని, ఆ రెండు మందులకే ఇలాంటి మచ్చలు వస్తాయని చెప్పారు. పెద్ద మోతాదైతే జాగ్రత్త పడాలి. రోజుకి 4 గ్రాముల శుద్ధి చేసిన ఈపీఏ ఇచ్చి చూసిన పెద్ద పరిశోధన ఒకటి 2019లో వచ్చిందట. అందులో తీవ్రమైన రక్తస్రావం మందు తీసుకున్నవాళ్ళలో 2.7 శాతం, తీసుకోనివాళ్ళలో 2.1 శాతం. తేడా చిన్నదే. గుండె లయ తప్పడం కూడా మందు తీసుకున్నవాళ్ళలో కొంచెం ఎక్కువగా కనిపించింది. అందుకే పదకొండు గోళీల సొంత వైద్యం వద్దన్నారు.

ఇంకో మాట గట్టిగా చెప్పారు. భయపడి స్టెంట్ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, అది రక్తం కారడం కంటే ప్రమాదం. మలం నల్లగా తారులా వచ్చినా, ముక్కు నుంచి కారే రక్తం పావుగంట నొక్కిపట్టినా ఆగకపోయినా వెంటనే రావాలి. పన్ను తీయించుకునే ముందు అక్కడి డాక్టరుకి మందులతో పాటు ఈ గోళీల సంగతీ చెప్పాలి.

ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమం వాచే భయం ఉంటుందట. అందుకని ఫెనోఫైబ్రేట్ రాశారు, సీసా పక్కన పెట్టించారు. షుగరు పరీక్ష చేయిస్తే అదీ ఎక్కువే ఉంది. శనివారం సాయంత్రాల మందు పార్టీ మానాలన్నారు. రాత్రి రెండోసారి అన్నం, భోజనం తర్వాత మిఠాయి నేను మాన్పించాను. రెండు నెలల తర్వాత పరగడుపున పరీక్ష చేస్తే 310. చేప నూనె అవసరమో కాదో వచ్చేసారి చూద్దామన్నారు.

మచ్చలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఒకటీ అరా వస్తూనే ఉన్నాయి. ఫ్రిజ్ తలుపుకి అంటించిన మందుల చీటీలో మాత్రం చివరి వరసలో చేప నూనె అని రాసి, పక్కన "ఆపాం" అని తేదీ వేశాను. మొన్న మరిది ఫోన్ చేసి, "సీసాలు అయిపోయాయా వదినా, మళ్ళీ పంపనా?" అన్నాడు. "ముందు నీ సీసా వెనకవైపు చదువు నాయనా" అన్నాను.