విముక్తి కాదు, ఉద్యోగం పోయింది

కిందటేడు దసరా వెళ్ళాక మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక కాగితం పంపాడు. "అక్కా, ఇందులో తెలుగు తప్పులు చూసి పెట్టు" అన్నాడు. వాడు కైకలూరు వైపు ఒక చిన్న రొయ్యల ప్లాంటులో మేనేజరు. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా 50 శాతం సుంకం వేసింది కదా, ఆర్డర్లు పడిపోయాయి. 40 మందిని తీసేయాలి. రొయ్యలు ఒలిచేవాళ్ళు, గ్రేడింగ్ చేసేవాళ్ళు, దాదాపు అందరూ ఆడవాళ్ళే.

కాగితంలో ఇలా ఉంది: "ప్రస్తుత మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా, మానవ వనరుల పునర్వ్యవస్థీకరణలో భాగంగా, మిమ్మల్ని విధుల నుండి విముక్తులను చేయడమైనది. మా కుటుంబానికి మీరందించిన సేవలకు కృతజ్ఞతలు."

అక్షర దోషం ఒక్కటీ లేదు. కానీ విముక్తి ఏమిటి? వాళ్ళేమైనా సంకెళ్ళలో ఉన్నారా? కుటుంబం అన్న మాట ఇంకా నొప్పించింది. ఇంట్లోవాళ్ళని లెక్క చూసి పంపించేస్తామా?

నాకెందుకంత కోపమంటే, చాలా ఏళ్ళ క్రితం మావారికీ ఇలాంటి ఉత్తరమే వచ్చింది. ఇద్దరం మూడుసార్లు చదివాం. ఉద్యోగం పోయిందా, బదిలీ అయిందా అన్నది తేలక రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ ఉత్తరం ఆయన పేరు మీద వచ్చినా, అర్థం చేసుకోవాల్సిన అవసరం పాలవాడికీ, స్కూలు ఫీజుకీ సమాధానం చెప్పే నాకే ఎక్కువ.

తమ్ముడికి అదే చెప్పాను. "అందరూ ఇలాగే రాస్తారక్కా" అన్నాడు. నిజమే. 2014 జులైలో మైక్రోసాఫ్ట్‌లో స్టీఫెన్ ఎలాప్ అనే పెద్దాయన ఉద్యోగులకి పొడుగాటి ఉత్తరం రాశాడు. ఫోన్ల గురించీ వ్యూహాల గురించీ చెప్పుకొచ్చి, 12,500 మంది ఉద్యోగాలు పోతాయన్న మాట పదకొండో పేరాలో పెట్టాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ గుర్తుందంటే అందుకే.

"సరే, ఈ కాగితం అందుకునే మనిషి అడిగే ప్రశ్నలు రాయి" అన్నాను. నా పని ఉందా, పోయిందా? ఏ రోజుతో? ఎవరు నిర్ణయించారు? నన్నే ఎందుకు? చేతికి ఎంత వస్తుంది, ఎప్పుడు? ఈ వరసలోనే జవాబులు రాశాం.

"మీకు బాధ కలిగించే విషయం చెబుతున్నాం. అక్టోబరు 31 మీ పనికి చివరి రోజు. అమెరికా సుంకం వల్ల ఆర్డర్లు తగ్గాయి. 40 మందిని తీసేయాలని యాజమాన్యం నిర్ణయించింది. చివరగా చేరినవారి నుంచి లెక్కపెట్టాం, అందులో మీరు ఉన్నారు. మీ పని బాగాలేదని కాదు."

డబ్బు దగ్గర మొదట "చట్టప్రకారం రావలసినవి చెల్లించబడును" అని ఉంది. అది కొట్టేసి, ఎవరి కాగితంలో వాళ్ళ అంకెలే వేయమన్నాను. ఉదాహరణకి, రోజుకి 450 రూపాయల మీద ఆరేళ్ళు నిండిన ఒకామె. నెల ముందు నోటీసు ఇవ్వలేదు కాబట్టి బదులుగా నెల జీతం, 26 రోజులకి 11,700. పరిహారం ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున 40,500. అయిదేళ్ళు దాటింది కాబట్టి గ్రాట్యుటీ మరో 40,500. మొత్తం 92,700. ఏ తారీకున బ్యాంకులో పడుతుందో, పీఎఫ్ కాగితాలకి ఎవరిని కలవాలో, వాళ్ళ ఫోను నంబరుతో సహా రాశాం.

"మళ్ళీ తప్పకుండా పిలుస్తాం అని రాయనా అక్కా, ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. వద్దన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని వేరే పని వెతుక్కోకుండా కూర్చుంటే? "ఆర్డర్లు పెరిగి మనుషులు కావలసివస్తే ముందు మిమ్మల్నే అడుగుతాం. ఎప్పుడన్నది మాకే తెలియదు" అని రాశాం. "ఈ నిర్ణయం మాకెంతో బాధాకరం" అన్న వాక్యమూ తీసేశాం. జీతం ఆగేది వాళ్ళకి. అక్కడ మన బాధ చెప్పుకుంటే వాళ్ళే మనల్ని ఓదార్చాలి.

చివరికి ఆ కాగితాన్ని మా పనమ్మాయి చేత చదివించాను. ఒక్కసారి చదివి, చివరి రోజేదో, ఎంత వస్తుందో, ఎవరిని అడగాలో తడుముకోకుండా చెప్పింది. పాత కాగితం ఇస్తే, "ఎవరికో సన్మానమా అమ్మా?" అంది.

యజమానికి "యాజమాన్యం నిర్ణయించింది" అన్న ముక్క నచ్చలేదట. తీసేస్తే తీసేసింది ఎవరు, సుంకమా అని అడిగాడట మావాడు. ఉండనిచ్చారు. కాగితం చేతికిచ్చే ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నోటితో చెప్పాడు.

ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. చాలామంది ఏడ్చారట. మాట ఎంత నిజాయితీగా రాసినా పోయిన పని తిరిగి రాదుగా. ఒకావిడ మాత్రం డబ్బు లెక్క రెండుసార్లు చదివించుకుని, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, "ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తెలిసింది సార్" అందట.