గొంతు కంటే ముందే అక్షరం

విష్ణు సహస్రనామం వీడియోలకు కొదవ లేదు. తెర అడుగున తెలుగు పంక్తులు కనిపించేవీ చాలానే ఉన్నాయి. అయితే వాటిలో అనేకం వినేవారికి పనికొస్తాయే తప్ప, గొంతు కలిపేవారికి కాదు. హైదరాబాద్‌లో ఒక విశ్రాంత ఉపాధ్యాయినికి ఈ తేడా తెలిసింది అత్తగారి వల్ల. ఎనభై దాటిన ఆవిడకు వినికిడి దాదాపు పోయింది. శనివారం పారాయణంలో తెర మీది అక్షరమే ఆధారం. ఒక పాదం తప్పిందంటే ఇక ఆవిడ మౌనంగా కూర్చుండిపోయేవారు.

కోడలు కాలనీ బృందం పారాయణాన్నే రికార్డు చేసి, సబ్‌టైటిల్స్ తనే కూర్చారు. ఈ శ్లోకాలు అనుష్టుప్ ఛందస్సులో ఉంటాయి. ఎనిమిదేసి అక్షరాల పాదాలు నాలుగు. రెండు పాదాలకు ఒక ఊపిరి. అందుకే 16 అక్షరాలకు ఒక పంక్తిగా విడగొట్టారు. బృందం వేగంలో దానికి సుమారు 5 సెకన్లు, ఊపిరికి అర సెకను పడుతోంది.

మొదట గొంతు లేచిన క్షణానికే పంక్తి కనిపించేలా పెట్టారు. వినేవారికి అది కచ్చితం. చదివేవారికి మాత్రం ఆలస్యం. కన్ను పదాన్ని గుర్తుపట్టి నోరు కదిపేసరికి బృందం ఒకటి రెండు అక్షరాలు దాటిపోతోంది. పోనీ పంక్తిని ఒక సెకను ముందుకు జరిపితే, పాత పంక్తి పూర్తికాకుండానే మాయమవుతోంది.

దాంతో తెర మీద రెండు పంక్తులు ఉంచారు. పైది చదువుతుండగా తర్వాతిది కింద లేత రంగులో సిద్ధంగా ఉంటుంది. చదువు కిందికి దిగిన సెకనుకు పైన కొత్త పంక్తి వస్తుంది. ఉదాహరణకు ఒక పంక్తి 1:04కు, తర్వాతిది 1:09.5కు మొదలైతే, ఆ రెండోది 1:05కే తెర మీదకు వచ్చేస్తుంది. పాదం మొదలవగానే దాని రంగు ముదురుతుంది. అక్షరం అక్షరానికీ రంగు మార్చడం తెలుగులో కుదరదు. ‘విష్ణు’ అన్నప్పుడు గొంతు ‘విష్’ దగ్గర విరుగుతుంది, రాతలోనేమో ‘ష్ణు’ ఒకే ముద్ద.

ప్రతి పంక్తికీ ఒకే వ్యవధి ఇచ్చేయడం మరో పొరపాటు. పంక్తికి సెకనులో ఇరవయ్యో వంతు తేడా వచ్చినా, వంద పంక్తులకు 5 సెకన్లు, అంటే దాదాపు ఒక పంక్తి తప్పిపోతుంది. మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే మొత్తాన్ని జరిపితే చాలు. పోనుపోను తేడా పెరుగుతోందంటే ప్రతి పంక్తి ఆరంభాన్నీ విని మళ్లీ గుర్తించాల్సిందే.

ఆఖరి పరీక్షకు కోడలు చెవులు మూసుకుని, తెరను మాత్రమే చూస్తూ చదివారు. పక్కనున్నవారు వీడియో గొంతుతో పోల్చి చూశారు. ఇంత చేసినా ఒక పరిమితి ఉంది. బృందం వేగం మార్చుకుంటే తెర మార్చుకోదు. అందుకే ఇప్పుడు శనివారాల్లో ముందు గొంతు ఎత్తేవారు కూడా తెరకు ఎదురుగానే కూర్చుంటున్నారు.