ఒక్క అక్షరం

మాది దేవనకొండ, నా రూమ్మేట్‌ది పాడేరు. వాళ్ల తమ్ముడికి సికిల్ సెల్. "జీన్‌లో ఒక్క అక్షరమే కదరా తప్పు, మీ కోడ్‌లాగా మార్చలేరా?" అని ఒక రాత్రి అడిగాడు. కోడ్‌లో అయితే నిమిషం పని. ఇక్కడ అలా కాదని చదివాకే తెలిసింది.

బీటా గ్లోబిన్ జీన్‌లో GAG ఉండాల్సిన చోట GTG ఉంది. T తీసి A పెట్టాలి.

మామూలు క్రిస్పర్ డీఎన్ఏ రెండు పోగులనీ కత్తిరిస్తుంది. కణం వాటిని అతికించుకునేటప్పుడు ఏ అక్షరాలు పోతాయో చెప్పలేం. అందుకే 2023లో అనుమతి వచ్చిన కాస్‌జెవీ ఈ తప్పు జోలికే పోదు. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌ను పుట్టాక ఆపేసే స్విచ్ ఒకటుంది. రక్త మూలకణాల్లో దాన్ని కోసి పాడుచేస్తే ఆ పాత హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

బేస్ ఎడిటింగ్ రెండు పోగులనీ తెంచదు, అక్షరాన్నే రసాయనంతో మారుస్తుంది. కానీ దానికి బాగా వచ్చినవి C ని T, A ని G చేయడం. ఎదుటి పోగు మీద చేస్తే G ని A, T ని C. మనకు కావాల్సిన T నుంచి A రాదు. అయితే GTG ని GCG చేయగలదు. అది అసలు అక్షరం కాకపోయినా, కణాలు కొడవలిలా వంగవు.

ప్రైమ్ ఎడిటింగ్ ఒక పోగునే కోసి, గైడ్ ఆర్ఎన్ఏలో తెచ్చుకున్న సరైన వరుసను చూసి అక్కడ రాస్తుంది. అది T ని A చేయగలదు. కానీ ఆ యంత్రం పెద్దది, కణాల్లోకి పంపడం కష్టం. పంపినా అన్ని కణాల్లోనూ రాయలేదు.

వాడికి ఇదంతా చెప్పాను. "అయితే మార్చగలిగేది ఇంకా రాలేదు, వచ్చింది మార్చదు" అన్నాడు. కాదనలేకపోయాను.